ఆయిల్‌కి సర్టిఫికెట్ ఉంది సరే, బాత్ సంగతో?

కొన్నేళ్ల కిందట మా ల్యాబ్‌లో ట్యూబులను 40 డిగ్రీల దగ్గర ఉంచే నీళ్ల తొట్టి, అంటే మేం బాత్ అనేది, దాని మోటారు ఉన్నట్టుండి కాలిపోయింది. అది హైదరాబాద్‌లో లూబ్రికెంట్లు పరీక్షించే చిన్న ల్యాబ్. శాంపిళ్లు వరసలో ఉన్నాయి. చేసేదిలేక ఆ బాత్‌లో ఎప్పుడూ వేలాడే, విస్కాసిటీ కొలిచే ఉబ్బెలోడే గాజు ట్యూబ్‌ని తీసి, కొత్తగా వచ్చిన రెండో బాత్‌లో పెట్టాం. శాంపిల్ పెట్టే ముందు పద్ధతి ప్రకారం సర్టిఫైడ్ ఆయిల్‌తో ఒకసారి చెక్ చేశాం. సర్టిఫికెట్ ప్రకారం దాని విస్కాసిటీ, అంటే చిక్కదనం, 40 డిగ్రీల దగ్గర 97.40 సెంటీస్టోక్స్ రావాలి. మాకు 97.02 వచ్చింది. దాదాపు 0.4 శాతం తక్కువ.

మా కుర్రాడు వెంటనే అన్నాడు, "సార్, ఆయిల్ పాడైనట్టుంది. కొత్త బాటిల్ తెప్పిద్దామా?"

ఈ మాట నేను చాలా ల్యాబుల్లో విన్నాను. లెక్క తేడా వస్తే ముందు అనుమానం బాటిల్ మీదకే పోతుంది. ఆ బాటిల్ ఖరీదైనది, దాని మీద తేదీ ఉంటుంది, తెరిచిన రోజు రాసి ఉంటుంది, కాబట్టి నేరం మోపడానికి అనువైనది. నా వాదన దీనికి అడ్డంగా ఉంటుంది. సర్టిఫైడ్ ఆయిల్‌తో మనం విస్కోమీటర్ని క్యాలిబ్రేట్ చేస్తున్నామనుకుంటాం కానీ, నిజానికి చేస్తున్నది విస్కోమీటర్, బాత్, థర్మామీటర్ మూడింటినీ కలిపి. వచ్చిన ఒక్క అంకెలో ఈ మూడూ ఇరుక్కుని ఉంటాయి. వాటిలో ఎక్కువ చెడగొట్టేది బాత్‌లోని ఉష్ణోగ్రతే.

గాజు ట్యూబ్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. సన్నటి రంధ్రం ఉన్న గాజు గొట్టం గుండా ఆయిల్ తన బరువుతో తానే కిందికి జారుతుంది. పై గీత దాటినప్పటి నుంచి కింది గీత దాటేవరకు ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తాం. ఆ సెకన్లను ట్యూబ్‌కి ఉన్న ఒక స్థిరాంకంతో గుణిస్తే కైనమాటిక్ విస్కాసిటీ వస్తుంది. క్యాలిబ్రేషన్ అంటే ఈ లెక్కను తిరగేయడమే. విస్కాసిటీ ν ముందే తెలిసిన ఆయిల్ పోసి, సెకన్లు t కొలిచి, స్థిరాంకం Cని రాబట్టాలి.

```
C = ν / t
```

చూడ్డానికి ఇంతకన్నా సులువైన లెక్క లేదు. కానీ ఆ ν పక్కన సర్టిఫికెట్‌లో "40.00 డిగ్రీల వద్ద" అని రాసి ఉంటుంది. ఆ షరతు నిలబెట్టాల్సిన బాధ్యత ఆయిల్ అమ్మినవాడిది కాదు, మనది.

మినరల్ ఆయిల్ ఉష్ణోగ్రతకు ఎంత తొందరగా లొంగుతుందో అంకెల్లో చూద్దాం. 40 డిగ్రీల దగ్గర 100 సెంటీస్టోక్స్, 100 డిగ్రీల దగ్గర 11 ఉండే మామూలు ఆయిల్ తీసుకుంటే, 40 దగ్గర ప్రతి డిగ్రీకీ విస్కాసిటీ సుమారు 5.2 శాతం మారుతుంది. అదే ఆయిల్‌ని 25 డిగ్రీల దగ్గర చూస్తే మార్పు 6.6 శాతం. చల్లబడేకొద్దీ ఇంకా చపలంగా తయారవుతుంది. పాకం పొయ్యి మీద ఉన్నప్పుడు గరిటె నుంచి జారే తీరు, దించి పక్కన పెట్టిన రెండు నిమిషాలకు జారే తీరు ఒకటి కాదని వంటింట్లో ఎవరికైనా తెలుసు. ఇక్కడా అంతే, కాకపోతే మనం డిగ్రీలో వందో వంతుల్లో మాట్లాడుతున్నాం. ఈ కొలతకు ల్యాబులు పాటించే ప్రామాణిక పద్ధతి ఏఎస్‌టీఎం డి445 బాత్‌ని 0.02 డిగ్రీల లోపు నిలపమంటుంది. ఆ 0.02కే మన ఆయిల్ 0.1 శాతం కదులుతుంది.

సమయం వైపు చూస్తే ఇంత ఇబ్బంది లేదు. 320 సెకన్ల పరుగులో చెయ్యి 0.1 సెకను తడబడినా తప్పు 0.03 శాతమే. ట్యూబ్ ఒక డిగ్రీ వాలి ఉంటే వచ్చే తేడా 0.015 శాతం. మనిషి వేలు, గాజు ట్యూబ్ నిలువు, రెండూ కలిసినా 0.01 డిగ్రీ చేసే నష్టాన్ని కూడా చేయలేవు.

మళ్లీ మా ల్యాబ్‌కి వద్దాం. ఆ ట్యూబ్‌కి మా రికార్డులో ఉన్న స్థిరాంకం 0.3001. ఏడాది క్రితం, కాలిపోయిన ఆ బాత్‌లోనే, ఇదే బాటిల్‌తో మేమే తేల్చిన విలువ. అప్పుడు ఆయిల్‌కి పట్టిన సమయం 324.6 సెకన్లు, రెండోసారి 324.5. రెండు పరుగుల మధ్య తేడా 0.03 శాతం. చూసి మురిసిపోయి సంతకం పెట్టాను. ఇప్పుడు కొత్త బాత్‌లో 323.3 సెకన్లు వచ్చింది.

కుర్రాడిని కూర్చోబెట్టి అడిగాను, "రెండు బాత్‌లలోనూ పోసింది ఒకే బాటిల్‌లోదేనా?"

"అవును సార్."

"మరి దాని సర్టిఫికెట్ తప్పయినా, ఈ రెండు సమయాల మధ్య తేడా ఎందుకొస్తుంది?"

సమస్య మొత్తానికీ తాళంచెవి ఇదే. సర్టిఫికెట్ విలువ 97.40 అయినా 98 అయినా 324.6కీ 323.3కీ మధ్య ఉన్న 0.4 శాతం తేడా పోదు. ఏడాదిలో ఆయిలే మారిపోయిందనుకోవచ్చు కదా? అది చూడటానికి అదే లాట్‌లో తెరవని బాటిల్ ఒకటి ఉంటే తీసి కొత్త బాత్‌లో పెట్టాం. 323.3 సెకన్లే. బాటిల్ మీద అనుమానం తీరింది.

మిగిలినవాటిని కొట్టేయడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. 0.4 శాతం తేడా ట్యూబ్ వాలడం వల్ల రావాలంటే ట్యూబ్ 5 డిగ్రీలు వంగి ఉండాలి. అంత వంకర గది అవతలి నుంచే కనిపిస్తుంది. స్టాప్‌వాచ్ 0.4 శాతం తప్పు నడిస్తే పది నిమిషాల్లో రెండున్నర సెకన్ల దాకా తేడా చూపాలి. ఫోన్ గడియారంతో పోల్చాం, అలాంటిదేమీ లేదు. గొట్టంలో మురికి పేరుకుంటే రంధ్రం ఇరుకై సమయం పెరుగుతుంది, కానీ ట్యూబ్‌ని ఏడాది వాడాక మాకు సమయం తగ్గింది. సాల్వెంట్ చుక్క లోపల మిగిలిపోతే ఆయిల్ పలచబడి సమయం తగ్గుతుంది, ఇది మాత్రం గట్టి అనుమానమే. ట్యూబ్‌ని మళ్లీ కడిగి, ఎసిటోన్ పోసి, పొడి గాలి ఊది ఆరబెట్టి మళ్లీ చూశాం. 323.3 నుంచి కదల్లేదు.

ఇక మిగిలింది ఉష్ణోగ్రతే. 0.4 శాతాన్ని 5.2తో భాగిస్తే 0.077 డిగ్రీలు. అంటే పాత బాత్ కొత్తదాని కన్నా సుమారు 0.08 డిగ్రీ చల్లగా ఉండి ఉండాలి, రెండింటి మీదా 40.00 అని చూపిస్తున్నా సరే.

పాత బాత్‌లో వాడేది పాదరసపు థర్మామీటర్. కైనమాటిక్ విస్కాసిటీ కోసమే చేసిన పొడవాటి రకం, 40 చుట్టూ కొన్ని డిగ్రీలు మాత్రమే చూపుతుంది, ఒక్కో గీత 0.05 డిగ్రీ. దానికి కింద సున్నా దగ్గర కూడా చిన్న స్కేలు ఉంటుంది. అది అలంకారం కోసం పెట్టింది కాదు. పాదరసం ఉండే గాజు బుడ్డి ఏళ్లు గడిచేకొద్దీ అతి కొద్దిగా కుంచించుకుంటుంది. బుడ్డి చిన్నదైతే పాదరసం పైకి తోసుకొస్తుంది, దాంతో థర్మామీటర్ ఉన్నదాని కన్నా ఎక్కువ చూపుతుంది. ఈ జరుగుడు స్కేలు పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, మంచు దగ్గర ఒక్క చోట చూస్తే చాలు, 40 దగ్గర ఎంత దిద్దుకోవాలో తెలిసిపోతుంది.

డిస్టిల్డ్ వాటర్‌ని గడ్డ కట్టించి, తురిమి, థర్మాస్‌లో అదే నీళ్లు కొద్దిగా పోసి గట్టిగా కుదించాం. మంచు మధ్యలో ఖాళీలు ఉండకూడదు, అలాగని నీళ్లలో తేలుతూనూ ఉండకూడదు. థర్మామీటర్ దించి, నెమ్మదిగా తట్టి, భూతద్దంతో చదివాం. సర్టిఫికెట్ వచ్చిన రోజు సున్నా దగ్గర 0.00 చూపిన ఆ థర్మామీటర్ ఇప్పుడు 0.07 చూపింది.

అంటే మేము 40.00 అనుకుంటూ ఏడాదిగా 39.93 దగ్గర కొలుస్తున్నాం. ఆ చల్లటి బాత్‌లో ఆయిల్ కాస్త చిక్కగా ఉండి నెమ్మదిగా జారింది, సమయం ఎక్కువ వచ్చింది, స్థిరాంకం తక్కువ తేలింది. సరైన విలువ 97.40 / 323.3, అంటే 0.3013.

ఇందులో నా తప్పు కూడా ఒకటుంది, దాచుకోవడం ఎందుకు. ట్యూబ్‌తోపాటు తయారీదారు ఇచ్చిన కాగితంలో స్థిరాంకం 0.3018 అని ఉంది. మేం 0.3001 తేల్చినప్పుడు ఈ తేడా నా కంటపడింది. "గురుత్వాకర్షణ వల్ల" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ కారణం పూర్తిగా అబద్ధమూ కాదు. ఆయిల్ తన బరువుతో జారుతుంది కాబట్టి స్థిరాంకం ఆ ఊరి గురుత్వ త్వరణాన్ని బట్టి మారుతుంది. కాగితంలో వాళ్ల ఊరి విలువ 9.801 అని ఉంది, హైదరాబాద్‌లో సుమారు 9.783. ఈ తేడా 0.1 శాతం దాటితే దిద్దుకోవాలని పద్ధతే చెబుతుంది. కానీ లెక్క వేసి ఉంటే గురుత్వం వల్ల తగ్గాల్సింది 0.18 శాతమే అని, 0.3018 కాస్తా 0.3012 దగ్గర ఆగుతుందని తెలిసేది. నాకు తగ్గింది 0.56 శాతం. ఒక నిజమైన కారణం దొరికింది కదా అని దాని పేరున మిగతా 0.38 శాతాన్ని కూడా చెల్లు రాసేశాను. లెక్క వెయ్యడానికి అర నిమిషం పట్టేది.

అసలు ఏడాదిపాటు ఈ తప్పు ఎందుకు బయటపడలేదన్నది నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా అనిపించిన విషయం. ప్రతి వారం అదే బాత్‌లో చెక్ ఆయిల్ పెట్టేవాళ్లం, ప్రతి వారం పాస్ అయ్యేది. ఎందుకంటే ఈ తప్పు తనని తానే దాచుకుంటుంది. బాత్ చల్లగా ఉండటం వల్ల స్థిరాంకం 0.4 శాతం తక్కువ తేలింది. తర్వాత అదే చల్లటి బాత్‌లో శాంపిల్ పెడితే అదీ దాదాపు 0.4 శాతం నెమ్మదిగా జారుతుంది. తక్కువ స్థిరాంకాన్ని ఎక్కువ సమయంతో గుణిస్తే సరైన జవాబే వస్తుంది. దొంగ తూకపురాయితోనే కొని, అదే రాయితో అమ్మితే సరుకు లెక్క సరిపోయినట్టు. శాంపిల్ కూడా అదే స్వభావమున్న మినరల్ ఆయిల్ అయినంతకాలం తప్పు కనిపించదు.

మూడు చోట్ల మాత్రం బయటపడుతుంది. ట్యూబ్‌ని వేరే బాత్‌కి మార్చినప్పుడు, మాకు జరిగినట్టు. థర్మామీటర్‌ని మధ్యలో మార్చినప్పుడో, దాని దిద్దుబాటును సరిచేసినప్పుడో. ఈ రెండో సందర్భం మరీ వింతగా ఉంటుంది, ఎందుకంటే ఉష్ణోగ్రతను సరిచేసిన రోజు నుంచే ఫలితాలు తప్పడం మొదలవుతాయి, అప్పుడు జనం పాత థర్మామీటరే నయమంటారు. మూడోది, ఉష్ణోగ్రతకు వేరేలా స్పందించే ద్రవం వచ్చినప్పుడు. సిలికోన్ ఆయిల్ డిగ్రీకి సుమారు 2 శాతమే మారుతుంది. మా 39.93 బాత్‌లో అది 0.14 శాతమే నెమ్మదిస్తుంది, స్థిరాంకం మాత్రం 0.4 శాతం తక్కువగా ఉంది. రెండూ పూర్తిగా రద్దుకాక జవాబు 0.26 శాతం తక్కువగా మిగులుతుంది.

అందుకే ఒకే ఆయిల్, ఒకే బాత్, ఒకే ఉష్ణోగ్రత దగ్గర చేసే క్యాలిబ్రేషన్‌ని నేను నమ్మను. ఉబ్బెలోడే ట్యూబ్‌లో ఒక సుగుణం ఉంది. ఆయిల్ గొట్టం కిందికి వచ్చాక గాలిలోకి తెరుచుకుంటుంది కాబట్టి, ఎంత ఆయిల్ పోశామన్నది లెక్కలోకి రాదు, స్థిరాంకం ఉష్ణోగ్రతతో దాదాపు మారదు. కాబట్టి 25 డిగ్రీల బాత్‌లో తేల్చినా, 40 డిగ్రీల బాత్‌లో తేల్చినా ఒకటే రావాలి. రాకపోతే ట్యూబ్‌ని అనుమానించే ముందు ఆ రెండు బాత్‌ల థర్మామీటర్లను అనుమానించాలి. క్యానన్-ఫెన్స్కే ట్యూబ్‌లో ఇంత సూటిగా కుదరదు. అక్కడ పోసిన ఆయిల్ వేడికి వ్యాకోచించి కింది బుడ్డిలో మట్టం మారుతుంది, కాబట్టి ఒక్కో ఉష్ణోగ్రతకు స్థిరాంకం నిజంగానే కాస్త వేరు.

ఇక డబ్బు సంగతి. 0.2 శాతం అనిశ్చితి ఉన్న బాటిల్ బదులు 0.1 శాతమే అని చెప్పుకునేది కొందామా అని మా మేనేజ్‌మెంట్ ఒకసారి అడిగింది. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. బాత్ నిజంగా 0.05 డిగ్రీ అటూఇటూ ఊగుతూ, థర్మామీటర్ మీద నమ్మకం కూడా 0.05 దగ్గరే ఉంటే, అన్నీ కలిపి స్థిరాంకం మీద అనిశ్చితి 95 శాతం నమ్మకంతో సుమారు 0.45 శాతం. ఖరీదైన ఆయిల్ చెప్పే 0.1ని నమ్మినా అది 0.41కి దిగుతుంది, అంతే. అదే పాత బాటిల్ ఉంచుకుని, బాత్‌నీ థర్మామీటర్‌నీ 0.02 స్థాయికి తెస్తే 0.26కి దిగుతుంది. వేరువేరు తప్పులు మామూలు కూడికలా కలవవు, వర్గాలు చేసి కలిపి వర్గమూలం తీయాలి. అందుకే అన్నిటికన్నా పెద్దది తగ్గకుండా చిన్నవాటిని ఎంత అరగదీసినా మొత్తం కదలదు.

ఆ 0.2 శాతం బాటిల్‌కి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. విస్కాసిటీ లెక్కలన్నీ చివరికి నీళ్ల దగ్గర ఆగుతాయి. అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో స్విండెల్స్ బృందం దాదాపు 20 ఏళ్లు కష్టపడి, 20 డిగ్రీల దగ్గర నీటి విస్కాసిటీని 1952లో ప్రచురించింది. 1.0019 మిల్లీపాస్కల్ సెకన్లు, అటూఇటూ 0.0003. ఇప్పుడు అందరూ వాడే ఐఎస్‌ఓ విలువ 1.0016, దానికిచ్చిన అనిశ్చితి 0.17 శాతం. అంటే తర్వాతి తరం తమకు తెలిసింది ఇంకా తక్కువేనని ఒప్పుకుని బ్రాకెట్‌ని వెడల్పు చేసింది. ఆ నీళ్లతో పొడవాటి మాస్టర్ ట్యూబులను, వాటితో పలచటి ఆయిల్‌ని, ఆ ఆయిల్‌తో ఇంకో ట్యూబ్‌ని, ఇలా మెట్టుమెట్టుగా ఎక్కుతూ చిక్కటి ఆయిళ్ల దాకా వస్తారు. నీళ్లు డిగ్రీకి 2.4 శాతమే మారతాయి, ఆయిల్ దానికి రెట్టింపు పైన. కాబట్టి పైమెట్లలో ఉష్ణోగ్రత తప్పు ఇంకా బరువెక్కుతుంది. ఎంత డబ్బు పెట్టినా ఆ నీటి 0.17 కన్నా కిందికి మనం దిగలేం. కొందరు కేటలాగులు చూసి 0.05 శాతం క్యాలిబ్రేషన్ కావాలని అడుగుతుంటారు. నీళ్లకే లేనిది వాళ్లకు ఎక్కడి నుంచి తెచ్చివ్వను?

బాత్‌ని 0.02లో నిలపడం మన ఎండల్లో మాటలు కాదు. 40 డిగ్రీల బాత్ ఏడాదిలో ఎక్కువ రోజులు గది కన్నా వేడిగా ఉంటుంది కాబట్టి హీటర్ చిన్నచిన్నగా వెలిగి ఆరుతూ లాక్కొస్తుంది. 25 డిగ్రీల బాత్‌కి మే నెలలో చిల్లర్ లేనిదే గతి లేదు. ఏసీ గాలి సూటిగా బాత్ మూత మీద పడితే నీటి పై పొర చల్లబడి, ట్యూబ్ పై బుడ్డి ఒక ఉష్ణోగ్రతలో, కింది గొట్టం ఇంకో ఉష్ణోగ్రతలో ఉంటాయి. పై గీతకి కనీసం రెండు సెంటీమీటర్ల పైన నీళ్లు ఉండాలని పద్ధతి చెప్పేది ఇందుకే. ఆవిరై మట్టం తగ్గినప్పుడు ఎవరో జగ్గుతో చల్లటి నీళ్లు పోస్తారు, డిస్‌ప్లే ఐదు నిమిషాల్లో 40.00కి వచ్చేస్తుంది, లోపలి ఆయిల్ మాత్రం రాదు. ట్యూబ్‌ని బాత్‌లో పెట్టాక అర గంట ఆగాలన్న నియమాన్ని ఈ నీళ్లు పోసిన తర్వాత కూడా మొదటి నుంచి లెక్కపెట్టాలి. కరెంటు పోయి వచ్చినా అంతే.

"0.4 శాతానికి ఇంత గొడవా?" అని అడిగితే, అందరికీ అవసరం లేదనే చెబుతాను. ఆయిళ్లకు చిక్కదనాన్ని బట్టి ఇచ్చే గ్రేడుల్లో వీజీ 100 అంటే 40 డిగ్రీల దగ్గర 90 నుంచి 110 సెంటీస్టోక్స్ వరకు ఏదైనా చెల్లుతుంది. డ్రమ్ములో ఉన్నది ఆ గ్రేడా కాదా అని తేల్చడానికి 0.4 శాతం ఒక లెక్కలోది కాదు. అలాగే తిరిగే స్పిండిల్‌తో పెయింట్లు, సిరప్‌లు కొలిచే విస్కోమీటర్ ఖచ్చితత్వమే ఫుల్ స్కేల్‌లో 1 శాతం ఉంటుంది. అక్కడ 0.1 డిగ్రీ నిలిస్తే చాలు, కాకపోతే బీకరు మధ్యలో ఉన్న ద్రవం ఆ ఉష్ణోగ్రతకు రావడానికి గంట పడుతుందన్న ఓపిక ఉండాలి. నాలుగు ల్యాబులకు ఒకే శాంపిల్ పంపి పోల్చే పరీక్షలో నిలబడాల్సినవాళ్లకి, బేస్ ఆయిల్‌కి దశాంశాల దాకా విలువ ఇవ్వాల్సినవాళ్లకి మాత్రం ఈ 0.4 చాలా పెద్దది.

మోటారు బాగై వచ్చాక మా ముందున్న అసలు పని పాత రిపోర్టులు. ఏడాదిలో ఆ ట్యూబ్‌తో ఇచ్చిన ఫలితాలన్నీ తీసి వేరుచేశాం. మినరల్ ఆయిళ్లవి వదిలేశాం, తప్పులు రద్దయ్యాయి కాబట్టి. అయినా కాస్త పలచటివాటికీ బాగా చిక్కటివాటికీ మిగిలే తేడా ఎంతో లెక్క కట్టాం, 0.1 శాతం దాటలేదు. సిలికోన్ డ్యాంపింగ్ ఫ్లూయిడ్ రిపోర్టులు మూడు దొరికాయి. దాచి ఉంచిన శాంపిళ్లను కొత్త బాత్‌లో 0.3013తో మళ్లీ కొలిస్తే మూడూ పాతవాటికన్నా పెరిగాయి, 0.2కీ 0.3కీ మధ్య. సవరించిన రిపోర్టులు పంపాం. పాత థర్మామీటర్‌ని పారేయలేదు, దాని డబ్బా మీద దిద్దుబాటు −0.07 అని, కింద మంచులో చూసిన తేదీ రాసి పెట్టాం. ఆర్నెల్ల తర్వాత కుర్రాడు మళ్లీ మంచు తురిమి చూశాడు. 0.07 దగ్గరే ఉంది.